దగ్గుకు డాక్టరు దగ్గరికెళ్తూ బీపీ మాత్రల పట్టీ తీసుకెళ్లండి

నెల్లూరు తీరంలో ఎవరికైనా దగ్గు పట్టుకుంటే కారణం వెతకడానికి ఎవరూ కష్టపడరు. మైపాడు వైపైతే ఉప్పుగాలి, ఎండుచేపల దుమ్ము. కృష్ణపట్నం, ముత్తుకూరు వైపైతే బొగ్గు లారీలు, నేలటూరు థర్మల్ కేంద్రం బూడిద. కార్తీక మాసపు వానలైతే చలిగాలి. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. వీటిలో ఏదీ అబద్ధం కాదు, అన్నీ దగ్గు తెప్పించగలవు. ఇబ్బంది ఏమిటంటే, కారణాలు ఇన్ని కళ్లముందే ఉండేసరికి పోపుల డబ్బా పక్కన సీసాలో ఉన్న ఇంకో కారణం ఎవరికీ తట్టదు. అది రోజూ పొద్దున వేసుకునే బీపీ మాత్ర. ఎనాలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ అనే పేర్లతో వచ్చే ఒక జాతి మాత్రలు కొందరిలో వారాల తరబడి, నెలల తరబడి వదలని పొడి దగ్గు తెస్తాయి. వీటిని డాక్టర్లు ఏసీఈ ఇన్హిబిటర్లు అంటారు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ దగ్గును పట్టిచ్చే రక్తపరీక్ష గానీ ఎక్స్‌రే గానీ లేవు. మాత్ర మార్చి చూడటమే దీనికి పరీక్ష, అదే దీనికి వైద్యం కూడా. కాకపోతే ఆ మార్పు డాక్టరు చేతుల మీదుగా జరగాలి, బీపీకి ఒక్కరోజు కూడా మందు లేకుండా పోకూడదు.

బీపీ మాత్రకూ దగ్గుకూ సంబంధమేమిటని అడగడం సహజం. దానికి జవాబు ఆ మందు పుట్టుకలోనే ఉంది. బ్రెజిల్‌లో జరారాకా అనే రక్తపింజర జాతి పాము ఉంది. అది కాటేస్తే మనిషి రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. 1949లో రోషా ఇ సిల్వా బృందం ఆ విషాన్ని పరీక్షిస్తూ, మన రక్తంలోనే పుట్టే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కనిపెట్టింది. రక్తనాళాలను వదులు చేసేది అదే. 1965లో సెర్జియో ఫెరీరా ఆ విషంలో ఇంకో సంగతి చూపాడు: బ్రాడీకైనిన్ విరిగిపోకుండా ఆపే అంశం కూడా అందులో ఉంది. ఈ దారిలోనే అమెరికాలో స్క్విబ్ సంస్థ శాస్త్రవేత్తలు కుష్మన్, ఒండెట్టి క్యాప్టోప్రిల్ తయారు చేశారు. 1981లో దానికి అక్కడ అనుమతి వచ్చింది. ఏసీఈ అనే ఎంజైము శరీరంలో రెండు పనులు చేస్తుంది. ఒకటి, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్‌ను తయారు చేయడం. రెండు, బ్రాడీకైనిన్‌ను, సబ్‌స్టెన్స్ పి అనే మరో పదార్థాన్ని విరగ్గొట్టడం. మాత్ర ఆ ఎంజైమును ఆపితే మొదటి పని ఆగి బీపీ తగ్గుతుంది. రెండో పనీ ఆగిపోతుంది కాబట్టి, రోజూ ఊడ్చే మనిషికి సెలవిచ్చిన ఇంట్లో చెత్త పేరుకున్నట్టు, ఆ పదార్థాలు శ్వాసనాళాల్లో పేరుకుంటాయి. అక్కడి నరాల కొసలు చీటికీమాటికీ రేగుతాయి. గొంతులో గరగర, ఆ వెనకే దగ్గు. అంటే ఈ దగ్గు ఊపిరితిత్తుల జబ్బు కాదు, ఊపిరితిత్తులు పాడవుతున్నాయనీ కాదు. మందు తన పని తాను చేస్తుంటే పక్కదారిలో పుట్టిన దగ్గు ఇది. దగ్గు మందు సీసాలు ఎన్ని ఖాళీ చేసినా ఇది లొంగకపోవడానికి కారణం కూడా ఇదే. సిరప్పు తాగినా ఆ ఎంజైము మళ్లీ పని మొదలుపెట్టదు కదా.

ఇది ఎంతమందికి వస్తుంది? ఈ ప్రశ్నకు దొరికే అంకెల్లోనే ఒక పాఠం ఉంది. 2010లో బెంగళూర్ అనే పరిశోధకుడి బృందం ఎనాలాప్రిల్ మీద జరిగిన పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్కకట్టింది. దగ్గు వచ్చినవాళ్లు సుమారు 11 శాతం. అదే మందు గురించి డాక్టర్లు తిరగేసే మందుల సమాచార పుస్తకంలో ఉన్న అంకె 1.3 శాతం. మధ్యలో ఎనిమిది రెట్లకు పైగా తేడా. దగ్గును రోగి తనంతట తాను మందు దుష్ఫలితంగా చెప్పడు. అడిగితేనే బయటపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది ఎక్కువ. పొగతాగేవాళ్లకంటే తాగనివాళ్లలో ఎక్కువ. హాంకాంగ్‌లో చైనా రోగుల మీద జరిగిన ఒక అధ్యయనంలో దాదాపు సగం మందికి ఇది కనిపించింది. మన ఊళ్లలో బీపీ మాత్రలు వాడే యాభై దాటిన గృహిణులను తలుచుకోండి. బీడీ, చుట్ట అలవాటు లేనివాళ్లే ఎక్కువ. ఈ దగ్గు ఎక్కువగా వచ్చేది సరిగ్గా అటువంటివాళ్లకే. ‘నాకు ఏ చెడ్డ అలవాటూ లేదే, ఈ దగ్గేమిటి’ అని ఆమె అడిగే ప్రశ్నే మాత్రను అనుమానించడానికి ఒక ఆధారం.

డాక్టరు దీన్ని గుర్తుపట్టేది స్టెతస్కోపుతో కంటే ప్రశ్నలతోనే. కళ్లె పడుతోందా? ఈ దగ్గులో పడదు, పడినా చెప్పుకోదగ్గంత ఉండదు. గొంతులో ఏదో అడ్డంపడి గీకుతున్నట్టు ఉందా? ఉంటుంది. రాత్రి పడుకున్నాక ఎక్కువా? చాలామందిలో అవును. జ్వరం, బరువు తగ్గడం, రక్తం పడటం ఉన్నాయా? ఉండకూడదు. ఉంటే కారణం వేరే ఏదో. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చోవాల్సి వస్తోందా, పాదాలు వాస్తున్నాయా? అవి గుండె బలహీనతకు గుర్తులు, ఆ దగ్గుకు వైద్యం పూర్తిగా వేరు. ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారు, దగ్గు ఎప్పుడు మొదలైంది? ఈ రెండు తేదీలు మీరు కాగితం మీద రాసుకుని వెళ్తే డాక్టరు పని సగం అయినట్టే. ఎక్కువమందిలో మొదటి కొద్ది వారాల్లోనే దగ్గు వస్తుంది. కొందరిలో మొదటి మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే వస్తుంది, మరికొందరిలో కొన్ని నెలలు పడుతుంది. కాబట్టి ‘ఆరునెలలుగా వాడుతున్నాను, ఎప్పుడూ రాలేదు, ఇప్పుడెందుకు వస్తుంది’ అనే వాదన మాత్రను నిర్దోషిగా తేల్చదు. తేదీలు దగ్గరగా ఉంటే అనుమానం బలపడుతుంది, దూరంగా ఉంటే కొంచెం సన్నగిల్లుతుంది. పూర్తిగా పోదు.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే క్షయ కాదని తేల్చుకోమని ప్రభుత్వ క్షయ నివారణ కార్యక్రమం చెబుతుంది కదా, మాత్ర మీద నెపం పెట్టి ఆ పరీక్ష తప్పించుకుంటే ప్రమాదం కాదా? అవును, ప్రమాదమే. అందుకే ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పని లేదు. మాత్రను అనుమానించినా సరే, రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష, అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే చేయించుకోవాల్సిందే. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే క్షయ లేదన్న నమ్మకం పెరుగుతుంది, అంతకుమించి అది చెప్పగలిగింది లేదు. మామూలుగా పొరపాటు జరిగేది ఈ మలుపులోనే. పరీక్షలు బాగున్నాయని తేలాక రోగి చేతికి మరో సిరప్పు, అలర్జీ మాత్ర, యాంటీబయోటిక్ వస్తాయి. ‘మీరు రోజూ వాడే మాత్రలేమిటి’ అనే ప్రశ్న మాత్రం రాదు. దగ్గుకు వెళ్లినచోట బీపీ చీటీ చూపించరు, బీపీకి వెళ్లినచోట దగ్గు మాట ఎత్తరు. రెండు చీటీలూ ఒకే బల్ల మీదికి వస్తేనే సంగతి బయటపడుతుంది.

ఒక ఉదాహరణ ఊహించి, మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. మైపాడు దగ్గర ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ, వయసు 52. గ్రామ ఆరోగ్య కేంద్రంలో చూస్తే బీపీ 160/100. డాక్టరు ఎనాలాప్రిల్ 5 మిల్లీగ్రాములు రాశారు, జనవరి 20న మొదలుపెట్టింది. ఫిబ్రవరి రెండో వారానికి బీపీ 138/86కి దిగింది. సరిగ్గా అప్పుడే గొంతులో గరగర మొదలైంది. సరుకు దుమ్మే కారణమనుకుని ముక్కుకు గుడ్డ కట్టుకుంది. మందుల షాపులో ఒక సిరప్పు, పది రోజుల తర్వాత ఇంకో సిరప్పు, మధ్యలో మూడు రోజుల యాంటీబయోటిక్. రాత్రిళ్లు నిద్ర లేదు. గట్టిగా దగ్గినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతోంది, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. మార్చి మొదటివారంలో ఆశా కార్యకర్త కళ్లె పరీక్షకు పంపితే క్షయ లేదని వచ్చింది, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మార్చి 15న డాక్టరు మాత్రల పట్టీ తెప్పించి చూశారు. ఎనాలాప్రిల్ ఆపి, మరుసటి రోజు పొద్దుటి నుంచే టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు వేసుకోమన్నారు. దగ్గుకు వేరే మందేమీ రాయలేదు. ‘రేపే తగ్గుతుందనుకోవద్దు, నెలరోజులు చూడాలి’ అని ముందే చెప్పారు. రెండు వారాలకు బీపీ 134/84, క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు మామూలుగా ఉన్నాయి. దగ్గు పగటిపూట తగ్గింది, రాత్రి ఇంకా ఉంది. ఏప్రిల్ రెండో వారానికి పూర్తిగా పోయింది. ఆవిడ ఎండుచేపల పని మానలేదు, ఇల్లు మారలేదు, సముద్రపు గాలీ మారలేదు. మారింది మాత్ర ఒక్కటే. ఆ దగ్గు మాత్రదేనని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఈ కథలో నెలరోజులు చూడాలన్న మాట చాలా కీలకం. మాత్ర ఆపిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో ఎక్కువమందికి దగ్గు పోతుంది, కొందరికి మూడు నెలల దాకా పట్టొచ్చు. వారం చూసి, తగ్గలేదని పాత మాత్రకు తిరిగి వెళ్లేవాళ్లు పరీక్ష మధ్యలో లేచి వచ్చేసినట్టే, వాళ్లకు ఫలితం ఎప్పటికీ తేలదు. దీనికి రెండో వైపూ ఉంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ నేరం మాత్రదే కానక్కర్లేదు. 1994లో లాకూర్సియేర్ అనే పరిశోధకుడి బృందం, ఇదివరకు ఇటువంటి మాత్రతో దగ్గు వచ్చిన 135 మందిని మూడు జట్లు చేసి మూడు రకాల మందులిచ్చి చూసింది. మళ్లీ లిసినోప్రిల్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మంది దగ్గారు. లోసార్టన్ వేసుకున్నవాళ్లలో 29 శాతం, ఈ దగ్గుతో ఏ సంబంధమూ లేని నీటిమాత్ర హైడ్రోక్లోరోథయజైడ్ వేసుకున్నవాళ్లలో 34 శాతం దగ్గారు. దీన్ని జాగ్రత్తగా చదవాలి. మొదటి అంకె మిగతా రెండింటికి రెట్టింపు పైగా ఉంది కాబట్టి మాత్ర దోషం నిజం. అయితే ఏ దోషమూ లేని మందు మీద కూడా పదిమందిలో ముగ్గురు దగ్గారు. అంటే వాళ్లలో కొందరి దగ్గుకు మూలం వేరే చోట ఉంది. మాత్ర మార్చి మూడు నెలలు గడిచినా దగ్గు అలాగే ఉంటే ఆ మాత్ర మీద కేసు కొట్టేసి, ఉబ్బసం, కడుపులోంచి పులుపు పైకి ఎగదన్నడం, ముక్కు వెనక నుంచి గొంతులోకి కారడం వంటివి వెతకాలి. మార్చి చూడటంలో ఉన్న మేలు ఇదే, జవాబు ఎటు వచ్చినా పనికొస్తుంది.

మార్చేటప్పుడు దేనికి మార్చాలన్నది డాక్టరు నిర్ణయం. రెండు సంగతులు మాత్రం రోగి తెలుసుకుని ఉండటం మంచిది. ఒకటి, ఈ జాతిలోనే ఒక మాత్ర తీసేసి ఇంకో మాత్ర పెడితే ప్రయోజనం లేదు. ఎనాలాప్రిల్‌తో దగ్గు వచ్చినవాళ్లకు రామిప్రిల్‌తోనూ వస్తుంది, ఎందుకంటే రెండూ ఆపేది ఒకే ఎంజైమును. మోతాదు తగ్గించడమూ నమ్మదగ్గ దారి కాదు, చిన్న మోతాదుతోనూ ఈ దగ్గు వస్తుంది. పట్టీ మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో, అసలు మందు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్నక్షరాల పేరు ‘ప్రిల్’ అని ముగిస్తే అది ఈ జాతిదే. రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో కూడా ఇది దాగి ఉండొచ్చు, కాబట్టి పేర్లన్నీ చదవాలి. రెండు, దీనికి సాధారణంగా ప్రత్యామ్నాయంగా వచ్చేవి ‘సార్టన్’ అని ముగిసే మందులు: టెల్మిసార్టన్, లోసార్టన్ వగైరా. ఇవి ఏసీఈ ఎంజైమును ముట్టుకోవు. యాంజియోటెన్సిన్ వెళ్లి కూర్చునే చోటును మాత్రం మూసేస్తాయి. బ్రాడీకైనిన్ మామూలుగా విరిగిపోతుంది కాబట్టి ఈ రకం దగ్గు సాధారణంగా రాదు. గుండె, మూత్రపిండాల సమస్యలేవీ లేనివాళ్లకు ఆమ్లోడిపిన్ వంటి పూర్తిగా వేరే మందు కూడా ఇవ్వొచ్చు.

చదువుకున్న రోగుల నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది: గుండెపోటు వచ్చాక, షుగరుతో మూత్రపిండాలు దెబ్బతిన్నాక డాక్టరు కావాలనే ఈ మాత్ర రాశారు, దగ్గు భరించి అయినా వాడటం మంచిది కాదా? ఈ ప్రశ్నకు 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ ప్రయోగం జవాబిచ్చింది. గుండెజబ్బు లేదా ముదిరిన షుగరు ఉన్న 25 వేలమందికి పైగా రోగుల మీద రామిప్రిల్‌నూ టెల్మిసార్టన్‌నూ పోల్చి చూశారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం వంటివి రెండింటిలోనూ ఇంచుమించు సమానం. దగ్గు వల్ల మందు మానేసినవాళ్లు రామిప్రిల్‌తో 4.2 శాతం, టెల్మిసార్టన్‌తో 1.1 శాతం. ఈ మందులు సరిపడనివాళ్లను ప్రయోగం మొదలుకాకముందే వడపోశారు కనక బయట తేడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఎక్కువమంది విషయంలో దగ్గును ఓర్చుకుంటే అదనంగా వచ్చే లాభం లేదు. అదే ప్రయోగంలో రెండు మందులూ కలిపి ఇచ్చినవాళ్లకు మేలు పెరగలేదు, మూత్రపిండాలకు కీడు పెరిగింది. కొత్త మాత్ర తెచ్చుకున్నాక ఇంట్లో మిగిలిన పాత పట్టీని పారేయమనడానికి కారణం ఇదే. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అని రెండూ వేసుకునేవాళ్లు ఉంటారు. మాత్ర మార్చిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడమనేది సార్టన్ మందులకూ వర్తిస్తుంది. గర్భం దాల్చే అవకాశం ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ప్రిల్ మందులూ, సార్టన్ మందులూ రెండూ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

ఇంత చెప్పాక కొందరు చేసే పని, మాత్ర తమంతట తాము మానేయడం. దగ్గు పోతుంది, ప్రాణం హాయిగా ఉంటుంది, బీపీ ఏ బాధా పెట్టదు కాబట్టి మళ్లీ డాక్టరు గడప తొక్కరు. దగ్గు వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఈ దగ్గు మనిషిని చంపదు. వైద్యం లేని బీపీ చంపగలదు, పక్షవాతంతో మంచాన పడేయగలదు. ఈ మాత్రలతో అరుదుగా వచ్చే ఇంకో దుష్ఫలితం మాత్రం ఆగనివ్వదు. పెదవులు, నాలుక, ముఖం వాచి, గొంతు మూసుకుపోతున్నట్టు ఉంటే అప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాత్ర ఆపి వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇది కూడా ఆ బ్రాడీకైనిన్ పనే, దగ్గులా కాకుండా ప్రాణం మీదికి తెస్తుంది. అటువంటివాళ్లు ఆ జాతి మాత్ర జన్మలో మళ్లీ వేసుకోకూడదు, సార్టన్‌కు మారడం కూడా డాక్టరు కనిపెట్టి ఉండగానే జరగాలి.

దగ్గు తగ్గాక మిగిలిన పని ఒకటుంది, దాదాపు అందరూ మరిచిపోయేది. మీ ఆరోగ్య పుస్తకం మొదటి పేజీలో ‘ఎనాలాప్రిల్‌తో పొడి దగ్గు వచ్చింది, మార్చి 15న మాత్ర మార్చాక పోయింది’ అన్న పద్ధతిలో మందు పేరు, తేదీ వేసి రాయించుకోండి. ఐదేళ్ల తర్వాత నెల్లూరులోనో చెన్నైలోనో కొత్త డాక్టరు ఇంకో ప్రిల్ రాస్తే ఆ ఒక్క వాక్యమే మిమ్మల్ని కాపాడుతుంది. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మన దేశంలో 2010 నుంచి నడుస్తోంది, 1800-180-3024 నంబరుకు రోగి కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు. చెప్పకపోతే మన అంకెలు కూడా ఆ 1.3 శాతం దగ్గరే ఉండిపోతాయి. మీ ఇంట్లో ఎవరైనా బీపీ మాత్ర వాడుతూ రెండు వారాలకు పైగా దగ్గుతుంటే, ఇంకో సిరప్పు కొనకముందు మాత్రల పట్టీ తిప్పి చిన్నక్షరాలు చదవండి. దాన్ని పట్టుకుని, మాత్ర మొదలైన తేదీ, దగ్గు మొదలైన తేదీ రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ‘ఈ దగ్గు ఈ మాత్ర వల్లేమో చూడండి’ అని మీరే అడగండి.